ఏఎంసీలో "చెల్లించిన ఫీజుకు మించి బాధ్యత లేదు" అంటే ఒప్పుకోవాలా?

పలాస జీడిపప్పు: మా ఫ్యాక్టరీ డ్రయ్యర్‌కి ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, రెన్యూవల్‌కి వచ్చింది. ఏడాదికి 60,000, మూడు నెలలకోసారి 15,000 కట్టాలి. ఈసారి రెండు లైన్లు చేర్చారు. "నష్టం జరిగిన నాటికి చెల్లించిన ఫీజుకు మించి కంపెనీ బాధ్యత ఉండదు. పోయిన లాభం, ఉత్పత్తి నష్టం, ఇతర పరోక్ష నష్టాలకు కంపెనీ బాధ్యత ఉండదు." సంతకం పెట్టేయాలా, గొడవ పడాలా?

ధైర్యం_విజయనగరం: పెట్టేయండి అన్నా, టెన్షన్ వద్దు. ఏకపక్ష షరతులు కోర్టులో నిలబడవు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ఉంది, 2019 వినియోగదారుల చట్టం ఉంది.

శ్రీకాకుళం బార్: తమ్ముడు చెప్పినదాంట్లో సగమే నిజం. అన్యాయమైన ఒప్పందం అనే మాట 2019 చట్టంలో ఉంది, కానీ అది వినియోగదారుడి కోసం. ఫ్యాక్టరీ నడపడానికి తీసుకున్న సర్వీసుకి ఆ దారి మామూలుగా దొరకదు. ఇక నిలబడవు అనే మాటకి వస్తే, 1996లో భారతి నిటింగ్ వర్సెస్ డీహెచ్‌ఎల్ కేసులో కొరియర్ కాగితం మీదున్న 100 డాలర్ల పరిమితినే సుప్రీంకోర్టు నిలబెట్టింది. సంతకం పెట్టినవాడు దానికి కట్టుబడాల్సిందే అంది.

పలాస గారూ, మీ కాగితంలో అసలు దెబ్బ పరోక్ష నష్టం లైను కాదు, "చెల్లించిన ఫీజు" అన్న లైను. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 దూరపు, పరోక్ష నష్టాలకి ఎలాగూ పరిహారం ఇవ్వదు. మామూలుగా జరిగే నష్టం, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే ఇస్తుంది.

ఒక లెక్క వేద్దాం. వాళ్ల టెక్నీషియన్ టెంపరేచర్ కంట్రోలర్‌ని తప్పుగా సెట్ చేశాడు. మీటరు 70 డిగ్రీలు చూపిస్తోంది, లోపల వేడి అంతకంటే ఎక్కువ. 800 కిలోల డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు మాడి స్కార్చ్‌డ్ గ్రేడుకి పడిపోయింది. కిలోకి 90 రూపాయల తేడా అనుకుంటే 72,000. ఆ సరుకు లేక ఒక ఆర్డరు పోయింది, అందులో మీకు రావలసిన లాభం లక్షన్నర. క్లాజు లేకపోతే 72,000 మామూలు నష్టమే కాబట్టి అడగొచ్చు. లక్షన్నర రావాలంటే ఆ ఆర్డరు సంగతి వాళ్లకి ముందే తెలిసి ఉండాలి. క్లాజు ఉంటే, 72,000ని కూడా "పోయిన లాభం" కిందకి లాగడానికి చూస్తారు. ఆ వాదనలో మీరు గెలిచినా, రెండో నెలలో జరిగితే అప్పటికి మీరు కట్టింది ఒక్క విడత. చేతికొచ్చేది 15,000.

రొయ్యల లోడు: మాకూ ఇదే. ఫ్రీజర్ లారీ దారిలో ఆగిపోయి సరుకు పాడైంది. ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఫీజు వెనక్కి ఇస్తామన్నారంతే. ఏమైనా చేయొచ్చా?

శ్రీకాకుళం బార్: అది ఏఎంసీ కాదండీ. లారీ రవాణాకి 2007 చట్టం వేరేగా ఉంది. విడిగా పోస్టు పెట్టండి.

సర్వీస్ ఇంజనీర్_చీపురుపల్లి: మా వైపు మాట కూడా వినండి. 60,000 తీసుకుని ఎన్ని లక్షల సరుకుకి పూచీ పడతాం? పరిమితి లేకపోతే ఫీజు పెంచాలి. కానీ "చెల్లించిన" అనే మాట మీద నేనైతే పట్టుపట్టను, అడిగితే "సంవత్సరానికి చెల్లించవలసిన" అని మార్చేస్తాం.

శ్రీకాకుళం బార్: మీరే చెప్పేశారు. ఆ ఒక్క మార్పుతో పరిమితి 15,000 నుంచి 60,000 అవుతుంది, అది కూడా మొదటి రోజు నుంచే. దాంతోపాటు ఇంకో వాక్యం అడగండి: "సర్వీసు లోపం వల్ల సరుకు విలువ తగ్గితే, దాన్ని సరిచేయడానికి ఖర్చయితే, అది ప్రత్యక్ష నష్టమే." అప్పుడు 72,000ని లాభం ఖాతాలోకి తోయలేరు. పరిమితి ఒక్కో సంఘటనకా, ఏడాది మొత్తానికా అన్నది కూడా రాయించండి.

ధైర్యం_విజయనగరం: సరే, ఒప్పుకుంటా. కానీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే పరిమితి పనిచేయదు కదా?

శ్రీకాకుళం బార్: కాగితంలో మినహాయింపు రాసుకుంటే పనిచేయదు. రాయకపోతే వాదించాలి, ఫలితం ముందే చెప్పలేను. మోసం సంగతి వేరు.

సర్వీస్ ఇంజనీర్_చీపురుపల్లి: ఘోరమైన నిర్లక్ష్యం అని రాస్తే ప్రతి పొరపాటునీ అదే అంటారు. మేం ఒప్పుకోం.

పలాస జీడిపప్పు: ఫోన్ చేశాను. "చెల్లించవలసిన" అని మార్చడానికి సరే అన్నారు. సరుకు విలువ వాక్యానికి ఆలోచిస్తామన్నారు. నిర్లక్ష్యం మినహాయింపు కుదరదట. మిగతా నష్టం ఫైర్ పాలసీలో రాదా?

శ్రీకాకుళం బార్: పాలసీ తీసి చదవండి. వేడి చేసే, ఆరబెట్టే ప్రక్రియలో ఉన్న సరుకు ఆ ప్రక్రియ వల్లే పాడైతే ఫైర్ పాలసీల్లో మామూలుగా మినహాయింపు ఉంటుంది. మీ డ్రయ్యర్ చేసేది సరిగ్గా ఆ పనే. కాబట్టి సరుకు విలువ వాక్యాన్ని వదలకండి. అవసరమైతే ఫీజు కొంచెం పెంచమనండి.