పేరా చివర్లో ఒక్క సైటేషన్ ఉంటే చెక్‌లిస్ట్‌లో ఏమని మార్క్ చేయాలి?

క్లాస్‌మేట్ డ్రాఫ్ట్ పీర్ రివ్యూ చేస్తున్నా, ఏపీఏ 7వ ఎడిషన్ స్టైల్, రేపు సాయంత్రం లోపు తిరిగి ఇవ్వాలి. మాకిచ్చిన చెక్‌లిస్ట్‌లో నాలుగే ప్రశ్నలు, అన్నిటికీ అవును/కాదు మాత్రమే. పేరా లోపలి పేర్లు, సంవత్సరాలు చివరి రిఫరెన్స్ లిస్ట్‌తో అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ పోల్చి చూశా, అన్నీ సరిపోయాయి. ఇబ్బందంతా మూడో పేరాతోనే.

అందులో ఐదు వాక్యాలున్నాయి, సైటేషన్ మాత్రం ఐదో వాక్యం చివర ఒక్కటే. అనుమానమొచ్చి ఆ ఆర్టికల్ తెరిచి పక్కపక్కన పెట్టి చదివితే 1, 5 నిజంగానే సొంత మాటల్లో ఉన్నాయి, 2, 3 మాత్రం మూలంలోని వాక్యాలే, వరస కూడా అదే, మూడు నాలుగు పదాలు మార్చారంతే, కొటేషన్ మార్కులు లేవు. నాలుగోది అసలు ఆ ఆర్టికల్‌లోనే లేదు, తన సొంత అభిప్రాయం అనుకుంటా, కానీ చదివేవాళ్ళకి అదీ ఆ రచయితే అన్నట్టు అనిపిస్తుంది.

"తీసుకున్న ప్రతి విషయానికీ సైటేషన్ ఉందా" అన్నదానికి అవును అంటే 2, 3 దాటిపోతాయి, కాదు అంటే సైటేషనే పెట్టలేదన్నట్టు అవుతుంది, అది తనకి అన్యాయం. మొదటి వాక్యంలోనే రచయిత పేరు చెప్పమని మార్జిన్‌లో రాసి చూశా, దానివల్ల 2, 3 సంగతి తేలలేదు, పైగా 4 ఇంకా ఆ రచయితదే అన్నట్టు అయింది.

ఇలాంటి పేరాని పట్టుకోడానికి చెక్‌లిస్ట్‌లో ఇంకొక్క ప్రశ్న చేర్చాలంటే మీరైతే ఏం రాస్తారు?