అమ్మ డబ్బు, నా పాన్: ఈ వడ్డీ ఎవరి ఆదాయం?

తూనీగ: అమ్మ పొలం అమ్మిన డబ్బులో 12 లక్షలు ఇద్దరి పేరునా ఎఫ్‌డీ వేశాం. బ్యాంకు పనులు నేనే చూస్తానని మొదటి పేరు నాది పెట్టాం. 2024-25లో 84,000 వడ్డీ వచ్చింది, 8,400 టీడీఎస్ పట్టారు. అది అమ్మ సొమ్మని నా రిటర్నులో వేయలేదు. ఇప్పుడు డిసెంబరులో, పన్ను శాఖ దగ్గరున్న నా ఆదాయాల పట్టిక ఏఐఎస్‌కీ నా రిటర్నుకీ తేడా ఉందని శాఖ నుంచి మెయిల్ వచ్చింది. ఒప్పేసుకుని కట్టాలా?

రచ్చబండ: కట్టేయండి. మొదటి పేరు మీది, పాన్ మీది. బ్యాంకు మీ మీద రాసింది కాబట్టి అది మీ ఆదాయమే.

పాత లెడ్జరు: బ్యాంకు రాసేది మొదటి పేరు మీద, అంతవరకే నిజం. పన్ను మాత్రం డబ్బు ఎవరిదైతే వారికే. అసలు తేలాల్సింది, ఆ 12 లక్షలు అమ్మ మీకు ఇచ్చేశారా, లేక ఆవిడవేనా? ఇచ్చేస్తే తల్లి ఇచ్చిన గిఫ్టుకి పన్ను లేదు కానీ, దాని మీద వడ్డీ మీదే. ఆవిడవే అయితే వడ్డీ ఆవిడదే.

తూనీగ: ఆవిడవే. వడ్డీ కూడా ఆవిడ ఖాతాకే వెళ్తుంది.

పాత లెడ్జరు: మరి ఆ 8,400 మీ రిటర్నులో తీసుకున్నారా?

తూనీగ: ముందే నింపి ఉంది. అలాగే వదిలేశాను.

పాత లెడ్జరు: అక్కడే దొరికారు. వడ్డీ నాది కాదంటూ దాని టీడీఎస్ తీసుకోవడం కుదరదు. ఈ నెల 31 లోపు రివైజ్డ్ రిటర్ను వేసి ఆ 8,400 తీసేయండి. రీఫండ్ వచ్చి ఉంటే ఆ మేరకు తిరిగి కట్టాల్సి రావచ్చు. ఏఐఎస్‌లో ఆ వడ్డీ వరుస తెరిచి "Information relates to other PAN/Year" అని ఫీడ్‌బ్యాక్ పెట్టి, అమ్మ పాన్ ఇవ్వండి. అమ్మ ఖాతాలోంచి ఎఫ్‌డీకి డబ్బు వెళ్లిన స్టేట్‌మెంటు, పొలం దస్తావేజు దాచుకోండి. మీ ఫీడ్‌బ్యాక్‌ని బ్యాంకు కాదంటే చూపించాల్సింది అవే.

రచ్చబండ: ఇంత తలనొప్పి ఎందుకండీ? 84,000 కలిపేస్తే పోదా?

పాత లెడ్జరు: 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 26,208. టీడీఎస్ పోను ఇంకా 17,808 కట్టాలి. అమ్మకి వేరే ఆదాయం లేకపోతే ఆవిడకి పన్నే పడదు.

వేపచెట్టు: నాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. నాది అయిదేళ్ల ఎఫ్‌డీ, వడ్డీ చివర్లో ఇస్తారు. చేతికి రాని డబ్బుకి పన్నేంటి?

పాత లెడ్జరు: మీది వేరే సంగతి. చేతికొచ్చిన ఏడాదే చూపిస్తానంటే చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఏటా అదే పద్ధతి పాటించాలి. ఒక ఏడు అలా, ఒక ఏడు ఇలా అంటే కుదరదు. టీడీఎస్‌ని కూడా ఆ ఏడాదికే దాచుకోవాలి.

తూనీగ: మరి అమ్మ టీడీఎస్ 8,400 పోయినట్టేనా?

పాత లెడ్జరు: అమ్మ రిటర్నులో అడగవచ్చు. కాకపోతే, వడ్డీ ఆవిడదని ముందే బ్యాంకుకి రాసివ్వాలని రూలు. మీరు ఇవ్వలేదు. ఇవ్వకపోయినా క్రెడిట్ వచ్చినవాళ్లు ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు.

రచ్చబండ: చూశారా, నేను ముందే చెప్పా.

తూనీగ: రేపు బ్యాంకుకెళ్లి మొదటి పేరు మార్చమంటాను. మార్చాలంటే ఎఫ్‌డీ బద్దలు కొట్టాలంటారేమో.