సర్వ్‌క్వాల్‌లో ఎక్స్‌పెక్టేషన్ కాలమ్ ఉంచాలా, తీసేయాలా?

నల్గొండ ఎంబీఏ: సర్వీసెస్ మార్కెటింగ్ అసైన్‌మెంట్ కోసం మా ఊళ్లో ఒక బ్యాంకు బ్రాంచిలో, సర్వీసు నాణ్యతను కొలిచే సర్వ్‌క్వాల్ ఫారంతో సర్వే చేశాను. 22 ప్రశ్నలు, 7 పాయింట్ల స్కేలు, ఒకవైపు ఎక్స్‌పెక్టేషన్, అంటే సర్వీసు ఎలా ఉండాలనుకుంటున్నారో, ఇంకోవైపు పర్సెప్షన్, అంటే అందింది ఎలా ఉందనిపించిందో. పర్సెప్షన్‌లోంచి ఎక్స్‌పెక్టేషన్ తీసేస్తే వచ్చే గ్యాప్ ఐదు డైమెన్షన్లలోనూ మైనస్సే వచ్చింది. ఎక్స్‌పెక్టేషన్ కాలమ్ తీసేసి పర్సెప్షన్ మీదే రాయమని ఫ్రెండ్ అంటున్నాడు. తీసేస్తే అది గ్యాప్ మోడలే కాదంటున్నారు మేడమ్. ఎవరి మాట వినాలి? సగటులు ఇవీ, ముందు ఎక్స్‌పెక్టేషన్, తర్వాత పర్సెప్షన్:

టాంజిబుల్స్ 5.2, 4.9
రిలయబిలిటీ 6.7, 5.6
రెస్పాన్సివ్‌నెస్ 6.6, 4.8
అష్యూరెన్స్ 6.6, 5.9
ఎంపతీ 6.1, 4.9

స్టాట్స్ పిచ్చోడు: మీ ఫ్రెండ్ చెప్పిందే సరైనది. క్రోనిన్, టేలర్ 1992 పేపర్‌లోనే దీన్ని తేల్చేశారు. బ్యాంకులు, పురుగుల మందు కొట్టే సర్వీసులు, డ్రై క్లీనింగ్, ఫాస్ట్ ఫుడ్, ఈ నాలుగు రంగాల్లో చూశారు. మొత్తం మీద సర్వీసు ఎలా ఉందని కస్టమర్ అనుకుంటున్నాడో చెప్పడానికి గ్యాప్ కంటే పర్సెప్షన్ స్కోరే బాగా పనికొచ్చింది. మీ డేటాలో కూడా నాలుగు డైమెన్షన్లకు ఎక్స్‌పెక్టేషన్ 6 దాటింది. అందరూ 7 దగ్గరే టిక్ పెడితే ఆ కాలమ్ కొత్తగా చెప్పేదేముంది? ఎక్స్‌పెక్టేషన్‌కి 7 పెట్టినవాడి గ్యాప్ ఎంత మంచి సర్వీసు ఇచ్చినా సున్నా దాటదు. కాలమ్ తీసేయండి, ఫారం సగానికి సగం తగ్గుతుంది.

ప్రాజెక్ట్ గైడ్: పేపర్ సంగతి నిజమే. కానీ ఆ పేపర్ అడిగిన ప్రశ్న వేరు, ఈ అమ్మాయి అసైన్‌మెంట్ అడిగే ప్రశ్న వేరు. మొత్తం క్వాలిటీని ఏ స్కోరు బాగా అంచనా వేస్తుందనేది వాళ్ల ప్రశ్న. బ్రాంచి మేనేజర్ ముందుగా ఏది బాగు చేయాలనేది ఇక్కడి ప్రశ్న.

పై పట్టికలో టాంజిబుల్స్, ఎంపతీ పర్సెప్షన్లు చూడండి. రెండూ 4.9. ఫ్రెండ్ చెప్పినట్టు చేస్తే రెండూ సమానంగా వెనకబడ్డట్టు కనిపిస్తాయి. గ్యాప్ చూస్తే మొదటిది −0.3, రెండోది −1.2. పాత కుర్చీలు, వెలిసిన గోడల గురించి జనానికి పెద్ద పట్టింపు లేదు. తమని పేరుపెట్టి పలకరించే మనిషి కావాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నారు. ఎక్స్‌పెక్టేషన్ కాలమ్ లేకపోతే మేనేజర్ రంగులు వేయించి ఊరుకుంటాడు.

కౌంటర్ 3: నేను ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. మీరు ఇద్దరూ లెక్కల్లో పడి అసలు మనుషుల్ని వదిలేస్తున్నారు. ఇలాంటి సర్వే రిపోర్టు రాగానే పైవాళ్లు స్టాఫ్ సరిగ్గా లేరని తేల్చేస్తారు. మా బ్రాంచి గోడ మీద నిమిషాల్లో లోను ఇస్తామని పోస్టర్ ఉంది. ఫైలు శాంక్షన్ అయ్యేది వేరే ఊళ్లోని ఆఫీసులో. పోస్టర్ చూసి వచ్చిన రైతు మా మొహం మీదే తిడతాడు. ఆ ఎక్స్‌పెక్టేషన్ పెంచింది మేమా?

ప్రాజెక్ట్ గైడ్: మీ బాధ ఈ చర్చకు పక్కదారి కాదండి, మోడల్‌లో దానికి చోటుంది. సర్వ్‌క్వాల్ తయారుచేసిన పరశురామన్, జైథమల్, బెర్రీ 1985లో వేసిన గ్యాప్ మోడల్ బొమ్మలో కస్టమర్ గ్యాప్ ఐదోది, దానికి దారితీసేవి సంస్థ లోపలి నాలుగు గ్యాపులు. పోస్టర్‌లో ఇచ్చిన మాటకీ కౌంటర్‌లో జరిగేదానికీ మధ్య తేడా నాలుగోది. 22 ప్రశ్నల ఫారం కొలిచేది ఐదోదాన్నే. అందుకే రెస్పాన్సివ్‌నెస్ గ్యాప్ −1.8 చూసి స్టాఫ్‌ని తప్పుపట్టడం కుదరదు, కారణం ఎక్కడుందో ఆ అంకె చెప్పదు.

నల్గొండ ఎంబీఏ గారూ, రెస్పాన్సివ్‌నెస్‌లో నాలుగు ప్రశ్నల సగటులు విడివిడిగా పెట్టగలరా? ఎక్స్‌పెక్టేషన్ ప్రశ్న ఎలా రాశారో, ఎప్పుడు అడిగారో కూడా చెప్పండి.

నల్గొండ ఎంబీఏ: పర్సెప్షన్లు ఇవి సార్. పని ఎప్పటికి అవుతుందో చెప్తారు 3.9. త్వరగా చేస్తారు 4.2. సహాయం చేయడానికి ముందుకొస్తారు 5.7. ఎంత పనిలో ఉన్నా అడిగినదానికి జవాబిస్తారు 5.4. ఎక్స్‌పెక్టేషన్ ప్రశ్నలు "ఈ బ్రాంచిలో సిబ్బంది ఇలా ఉండాలి" అని రాశాను. పని ముగించుకుని బయటికొస్తున్నవాళ్లని ఆపి రెండు కాలమ్‌లూ ఒకేసారి నింపించాను.

ప్రాజెక్ట్ గైడ్: నాలుగూ కలిపితే 4.8, సరిపోయింది. ఇప్పుడు కౌంటర్ 3 గారి మాటకు ఆధారం దొరికింది. మనుషులు సాయానికి ముందుకొస్తున్నారు, అడిగితే పలుకుతున్నారు. పని ఎప్పుడు పూర్తవుతుందో మాత్రం చెప్పలేకపోతున్నారు. అది స్వభావం లోపంలా లేదు, పని వాళ్ల చేతిలో లేకపోవడంలా ఉంది. రిపోర్టులో డైమెన్షన్ సగటుతో ఆగకుండా ఈ నాలుగు అంకెలూ పెట్టండి. పోస్టర్ లాంటిది అక్కడ ఏమైనా ఉందేమో వెళ్లి చూసి, ఉంటే అదీ రాయండి.

ఇక ఫారం విషయం. "ఉండాలి" అని అడిగితే ఎవరైనా 7 పెడతారు, వద్దనేవాళ్లు ఎవరుంటారు? పరశురామన్ వాళ్ల 1988 సర్వ్‌క్వాల్ స్కేలులోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. అందుకే 1991లో ఆ ముగ్గురే మార్చారు: అద్భుతంగా పనిచేసే బ్యాంకుల్లో ఇది ఎలా ఉంటుందని అడగమన్నారు. రెండోది ఇంకా పెద్ద చిక్కు. అరగంట లైన్లో నిలబడి చిరాకుగా బయటికొచ్చిన మనిషి చెప్పే ఎక్స్‌పెక్టేషన్, లోపలికి వెళ్లే ముందు ఉన్నదని అనుకోలేం. జరిగినదాని రంగు దానికీ అంటుకుంటుంది. మీ −1.8లో కొంత భాగం అలా పెరిగి ఉండొచ్చు. ఎంతో ఈ డేటా నుంచి విడదీయలేం, పరిమితుల్లో ఆ మాట రాయాల్సిందే.

స్టాట్స్ పిచ్చోడు: అంటే ఆ కాలమ్ నమ్మదగినది కాదని మీరే ఒప్పుకుంటున్నారు. నా పద్ధతి ఇంతకన్నా శుభ్రంగా ఉంటుంది. పర్సెప్షన్ ఒక్కటే అడగండి, చివర్లో ఒక్కొక్కరికీ 100 పాయింట్లు ఇచ్చి ఐదు డైమెన్షన్లకూ పంచమనండి. టాంజిబుల్స్‌కి తక్కువ వస్తే రంగుల గొడవ అక్కడే తేలిపోతుంది.

ప్రాజెక్ట్ గైడ్: 100 పాయింట్ల పంపకం సర్వ్‌క్వాల్‌లోనూ ఉన్నదే, మంచి సలహా. కానీ ముఖ్యం అనుకోవడం, ఇంత వస్తుందని ఆశించడం ఒకటి కావు. లాకర్ భద్రత అందరికీ ముఖ్యమే, అందులో నిరాశ పడేవాళ్లు తక్కువ. మీ పద్ధతిలో దానికి పాయింట్లు చాలా వస్తాయి, ఎక్కడ వెలితి ఉందో తెలియదు.

కాలమ్‌నే మెరుగు చేసే దారి ఒకటుంది. 1990ల్లో ఆ ముగ్గురే ఎక్స్‌పెక్టేషన్‌ని రెండుగా విడదీశారు: కోరుకునేది ఎంత, సరిపెట్టుకోగలిగేది ఎంత. పాస్‌బుక్ ప్రింటింగ్‌కి కోరుకునేది 6.5, సరిపెట్టుకునేది 4.5, అందింది 4.8 అనుకుందాం. మామూలు గ్యాప్ −1.7, చూస్తే భయమేస్తుంది. కానీ జనం ఓర్చుకుంటున్నారు, అర్జెంటు పని వేరే చోట ఉండొచ్చు. దీనికి ఒక్కో ప్రశ్నకు మూడు కాలమ్‌లు కావాలి. అంత ఫారం నిలబడి నింపే కస్టమర్ దొరకడం కష్టం.

స్టాట్స్ పిచ్చోడు: అంత పొడుగు ఫారం చేతికిస్తే సగం నుంచి అందరూ ఒకే అంకె మీద టిక్కులు కొట్టుకుంటూ పోతారు. నా మాట మీదే ఉంటాను. అన్నట్టు, రెండు కాలమ్‌లూ నింపింది ఒకే మనిషి కాబట్టి SPSSలో Independent-Samples కాదు, Paired-Samples T Test వాడాలి. ఏదో ఒక కాలమ్ ఖాళీగా వదిలినవాళ్లని ఆ ప్రశ్న లెక్కలోంచి తీసేశారా? తీయకపోతే రెండు సగటులూ వేరువేరు మనుషులవి అవుతాయి.

నల్గొండ ఎంబీఏ: తీయలేదండి, ఈ రాత్రికి మళ్లీ లెక్కిస్తాను. కాలమ్ ఉంచుతున్నాను, పర్సెప్షన్ ఒక్కదాని పట్టిక కూడా పక్కన పెడతాను. ఇంకో అనుమానం మిగిలింది. ఫారాలన్నీ పింఛన్లు పడే రోజుల్లో తీసుకున్నాను, ఎక్కువమంది పెద్దవాళ్లే. యాప్‌లోనే పని కానిచ్చే కుర్రాళ్లు బ్రాంచికి రారు. వాళ్ల ఎక్స్‌పెక్టేషన్ ఈ 22 ప్రశ్నలతోనే అడగొచ్చా?

కౌంటర్ 3: కుర్రాళ్లూ వస్తారమ్మా, యాప్‌లో డబ్బు ఇరుక్కున్నప్పుడు. ఆ రోజు వాళ్లని అడిగితే పర్సెప్షన్‌కి ఒకటే పడుతుంది.