కస్టమ్ రోమ్ ఎక్కించినాక బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేయొచ్చా?

గుత్తిరోడ్డు కుర్రోడు (అనంతపురం): అన్నా, రెండేళ్ల నాటి ఫోన్లో లీనియేజ్ ఓఎస్ ఏసుకున్యా, బాగానే నడుస్తాంది. ఆన్ చేసినప్పుడల్లా బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందని వార్నింగ్ వస్తాది, బ్యాంకు యాప్ కూడా తెరుచుకోదు. మళ్లీ లాక్ కొడితే రెండూ పోతాయా, లేక ఫోనే పోతాదా?

బురుజు పక్కన (కర్నూలు): కొట్టెయ్ తమ్ముడూ, ఏం కాదు. ఎంత చెడినా ఫాస్ట్‌బూట్ ఉంటుంది గదా, మళ్లీ స్టాక్ రోమ్ ఎక్కించుకుంటావ్. డేటా మాత్రం మొత్తం తుడిచేస్తాది, ముందే బ్యాకప్ పెట్టుకో.

ఏడురోడ్ల రిపేరు (కడప): ఫాస్ట్‌బూట్ ఉంటాది, నిజమే. కానీ లాక్ అయినాక దాంట్లో ఏం ఫ్లాష్ కొట్టినా తీసుకోదు సామీ. పోయిన ఎండాకాలం డిగ్రీ చదివే పిల్లోడు ఒకడు ఇట్లే తెచ్చినాడు. రూట్ కోసం బూట్ ఇమేజ్ ప్యాచ్ చేసుకున్యాడు, ఎవరికో అమ్మాలని మామూలు ఫోన్ మాదిరి కనపడాల అని డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆపేసి, తర్వాత ఫాస్ట్‌బూట్‌కి పోయి లాక్ కొట్టినాడు. ప్యాచ్ తీయడం మర్చిపోయినాడు. ఆన్ చేస్తే Your device is corrupt అని వచ్చి అక్కడే ఆగిపాయె. అన్‌లాక్ కొడదామంటే ఆప్షన్ ఆఫ్, ఆన్ చేయాలంటే ఫోన్ లోపలికి పోవాల, లోపలికి పోనీదు. ఆ మోడల్లో రికవరీ కూడా అదే బూట్ ఇమేజ్‌లో ఉంటాది, కాబట్టి అదీ తెరుచుకోలే. ఆఖరికి బోర్డే మార్చినా.

రాయచోటి మామ: మా ఇంటి ఫోన్ కూడా ప్యాటర్న్ మర్చిపోయి లాక్ పడింది, దీనికి కూడా ఇదే పద్ధతా?

ఏడురోడ్ల రిపేరు: అది వేరే లాక్ మామా, షాపుకి రాండి చూస్తా.

సాయినగర్ అక్క (అనంతపురం): ఆ పిల్లోడి కేసులోనే జవాబు ఉంది. బూట్‌లోడర్ అన్‌లాక్‌గా ఉన్నంతసేపు ఏ ఇమేజ్ అయినా వార్నింగ్ చూపించి పోనిస్తాది. లాక్ అయినాక మాత్రం తను నమ్మే కీతో సంతకం ఉందా లేదా చూస్తాది, లేకపోతే ఆపేస్తాది. మామూలుగా అది నమ్మేది కంపెనీ కీ ఒక్కటే, నీ లీనియేజ్ మీద ఉండేది వేరే కీ. నా పిక్సెల్‌లో గ్రాఫీన్ ఓఎస్ ఉంది, లాక్ చేసే వాడుతున్నా. ఎట్లంటే పిక్సెల్‌లో మన రోమ్ కీని బూట్‌లోడర్‌కి ముందే ఇవ్వొచ్చు, లాక్ కంటే ముందే చేయాల్సిన పని ఇది:

```
fastboot erase avb_custom_key
fastboot flash avb_custom_key avb_pkmd.bin
fastboot flashing lock
```

అప్పుడు కూడా ఆన్ చేస్తే వేరే ఓఎస్ నడుస్తాంది అని పసుపు రంగు వార్నింగ్ వస్తానే ఉంటాది, అది పోదు. ఈ సౌకర్యం చానా ఫోన్లలో లేనే లేదు. ఇంకోటి, కొంతమంది ఇంట్లో బిల్డ్ చేసిన రోములకి అందరికీ దొరికే టెస్ట్ కీతోనే సంతకం పెడతారు, దాన్ని నమ్మమని చెప్పి లాక్ చేసినా ఉపయోగం ఏముంది, ఆ కీతో ఎవడైనా సంతకం పెట్టొచ్చు.

బురుజు పక్కన: సరే అక్కా, ఫ్లాష్ సంగతి తప్పు చెప్పినా. కానీ లాక్ చేస్తే బ్యాంకు యాప్ మాత్రం వస్తుంది గదా?

సాయినగర్ అక్క: అదీ గ్యారంటీ లేదు. మన కీతో లాక్ అయిన ఫోన్‌ని ప్లే ఇంటిగ్రిటీ కంపెనీ ఫోన్ లెక్కలోకి తీసుకోదు, బేసిక్ లెవెల్ వరకే పాస్ అయితాది. దాంతో సరిపెట్టుకునే యాప్ అయితే తెరుచుకుంటాది, లేదంటే లేదు. నా రెండు బ్యాంకుల్లో ఒకటి పనిచేస్తాంది, ఒకటి మొండికేస్తాంది. తమ్ముడూ నువ్వు లాక్ జోలికి పోకముందే ఫాస్ట్‌బూట్‌లో ఇది కొట్టి చూడు:

```
fastboot flashing get_unlock_ability
```

1 వస్తే లాక్ తర్వాత బూట్ కాకపోయినా మళ్లీ అన్‌లాక్ చేసుకునే దారి ఉన్నట్టు. 0 అంటే చెయ్యి ఎత్తెయ్. కొన్ని కంపెనీల ఫోన్లకి అన్‌లాక్ చేయాలన్నా వాళ్ల అకౌంటు, పర్మిషను కావాల, వాటిల్లో ఈ 1ని నమ్ముకోవద్దు.

ఏడురోడ్ల రిపేరు: అందుకే నేను ఆ ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఎప్పటికీ ఆన్‌లోనే పెట్టుకోమంటా.

సాయినగర్ అక్క: నేను ఒప్పుకోను. ఒకసారి లాక్ చేసి, అంతా సరిగ్గా బూట్ అయిందని చూసుకున్యాక ఆపేయాల. లేదంటే దొంగ చేతికి పోతే అన్‌లాక్ చేసి వాడికి కావాల్సింది ఎక్కించుకుంటాడు.

ఏడురోడ్ల రిపేరు: అన్‌లాక్ చేస్తే డేటా తుడిచిపెట్టుకుపోతాది, వానికి దొరికేది ఖాళీ ఫోనే. నా దగ్గరికి దొంగల కంటే అప్‌డేట్ చెడగొట్టుకున్న వాళ్లే ఎక్కువ వస్తారు తల్లీ.

గుత్తిరోడ్డు కుర్రోడు: కొట్టి చూసినా, 1 వచ్చింది. కానీ కస్టమ్ కీ ఫ్లాష్ కొడితే నా ఫోన్ ఒప్పుకోలే, ఫెయిల్ అని వచ్చింది. అంటే లాక్ కావాలంటే లీనియేజ్ వదిలేయాల్సిందేనా?

సాయినగర్ అక్క: నీ ఫోన్లో అంతే. కంపెనీ స్టాక్ మొత్తం ఎక్కించి, రెండు స్లాట్లుంటే రెండిట్లోనూ ఎక్కించి, అన్‌లాక్‌లోనే ఒకసారి బూట్ అయిందని చూసుకుని, ఆ తర్వాత లాక్ కొట్టు. ముందున్న దానికంటే పాత వెర్షన్ మాత్రం ఎక్కించొద్దు, అన్‌లాక్‌లో బూట్ అయినా లాక్ చేసినాక, పాత వెర్షన్‌ని పోనీయని రోల్‌బ్యాక్ ప్రొటెక్షన్ అడ్డం పడొచ్చు.

గుత్తిరోడ్డు కుర్రోడు: స్టాక్‌కి పోతే ఆ పాత సెక్యూరిటీ ప్యాచ్‌తోనే బతకాల గదక్కా. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఏడాదైంది. ఇప్పటికి అన్‌లాక్‌లోనే ఉంచి బ్యాంకు యాప్ నాన్న ఫోన్లో ఏసుకుంటా.