"ఆయనకు ఇద్దరు కూతుళ్లు": హిందీలోకి వెళ్తే ఈ "కు" ఏమవుతుంది?

ఎంవీపీ కాలనీ నుంచి: రిటైరవుతున్న మా సహోద్యోగి గురించి తెలుగులో రాసిన నాలుగు ముక్కలు హిందీలో పెట్టమన్నారు. "ఆయనకు ఇద్దరు కూతుళ్లు, గాజువాకలో ఇల్లు, కాస్త షుగరు ఉన్నాయి." నేను "ఉన్‌కో దో బేటియాఁ, గాజువాకా మేఁ ఘర్ ఔర్ థోడీ షుగర్ హై" అని రాశాను. హిందీ మేడమ్ నవ్వేశారు. తప్పెక్కడ?

గాజువాక నుంచి: మూడూ ఆయనకు "ఉన్నవే" కదా! "ఉన్‌కే పాస్" అనాలి.

దొండపర్తి మాస్టారు: ఇల్లయితే సరే. "ఉన్‌కే పాస్ దో బేటియాఁ హైఁ" అంటే కూతుళ్లు ఆయన దగ్గర ఉంటున్నారని వినిపిస్తుంది. తెలుగులో "నా దగ్గర ఇద్దరు కూతుళ్లున్నారు" అని చూడండి, మూడోది ఇంకోచోట ఉందేమో అనిపించదూ? తెలుగు "కు" చుట్టానికీ, ఆస్తికీ, జబ్బుకీ ఒక్కటే. హిందీ వాటిని విడదీస్తుంది. జబ్బుకే "కో": ఉన్‌కో షుగర్ హై. చుట్టానికి "కా, కే, కీ": ఉన్‌కీ దో బేటియాఁ హైఁ. ఇంటికి "గాజువాకా మేఁ ఉన్‌కా ఏక్ మకాన్ హై" అంటే హాయిగా ఉంటుంది. కాబట్టి మీ ఒక్క వాక్యం మూడు వాక్యాలవ్వాలి. ఒకే క్రియకు మూడింటినీ కట్టేయడమే మీ పొరపాటు.

ఎంవీపీ కాలనీ నుంచి: అయితే తెలుగులో "దగ్గర" పెట్టి చూసి, అతికితే "పాస్" అనుకోవచ్చా మాస్టారూ?

దొండపర్తి మాస్టారు: డబ్బుకీ స్కూటర్‌కీ పనిచేస్తుంది. టైమ్ దగ్గర దెబ్బతింటారు. మనం "నాకు టైమ్ లేదు" అంటాం, వాళ్లు "మేరే పాస్ టైమ్ నహీఁ హై" అంటారు.

సీతమ్మధార నుంచి: మా బాబుకి ఇంగ్లీషులోనూ ఇదే టెన్షన్ అండీ. మొన్న "టు మీ టూ సిస్టర్స్" అని రాశాడు. ట్యూషన్ పెట్టించమంటారా?

దొండపర్తి మాస్టారు: ఇంగ్లీషులో "హ్యావ్" అన్నిటినీ మోసేస్తుందమ్మా, అది నేర్చుకుంటే చాలు. ఇక్కడి ముడి వేరు.

స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ నుంచి: మా పక్క క్వార్టర్ పాట్నా ఆయన "హమ్‌కో దో బేటీ హై" అనే అంటారు. ఆయనదీ తప్పేనా?

దొండపర్తి మాస్టారు: ఆయన ఇంట్లో అది ఆయన హిందీ, తప్పనడానికి మనమెవరం. ఆఫీసు కాగితం మీద మాత్రం కుదరదు.

గాజువాక నుంచి: మరి "ఉన్‌కే దో బేటియాఁ హైఁ" అని ఒక హిందీ కథలో చదివాను. బేటియాఁ స్త్రీలింగం కదా, "కే" ఎలా వచ్చింది?

దొండపర్తి మాస్టారు: మంచి ప్రశ్న. బంధుత్వం చెప్పేటప్పుడు లింగంతో పని లేకుండా "కే" వాడే పద్ధతి ఉంది. "ఉస్‌కే లడ్‌కీ హుయీ" వినే ఉంటారు. నేనైతే "కీ"నే రాస్తాను. మా వియ్యంకుడు అలహాబాద్‌లో చదివాడు, "కే"నే అందమంటాడు. పదేళ్లుగా తేలలేదు.