పెళ్ళిళ్ళకు రెండో కెమెరా: కొనాలా, అద్దెకే తెచ్చుకోవాలా?

ఖమ్మం కెమెరా:
నా దగ్గర పాత ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఒకటుంది. పెళ్ళికి రెండోది కావాల్సి వచ్చినప్పుడల్లా హైదరాబాద్ నుంచి అద్దెకు తెస్తున్నా, రోజుకు 2,000. కొత్తది 2,40,000 అంటున్నారు, ఈఎంఐలో తీసుకోవాలి. ఏడాదికి 14 పెళ్ళిళ్ళు చేస్తా. కొంటే ఒక్కో పెళ్ళికి ఎంత పడుతుంది? అద్దె మీద లాభమేనా?

కోదాడ కుర్రాడు:
లెక్క తేలికే అన్నా. ఐదేళ్ళు వాడతావనుకో, 70 పెళ్ళిళ్ళు. 2,40,000ని 70తో భాగిస్తే 3,430 దాకా వస్తుంది. అద్దె 2,000. ఇంకేం ఆలోచన, అద్దెకే తెచ్చుకో.

పాత లెన్స్:
తమ్ముడూ, భాగించాలన్న ఆలోచన సరైనదే. కానీ పైన పెట్టిన అంకె తప్పు, పక్కన పెట్టి పోల్చిన అద్దె కూడా తప్పు.

ముందు పై అంకె చూద్దాం. కెమెరాకు పెట్టిన డబ్బంతా ఖర్చు కాదు, అమ్మినప్పుడు కొంత తిరిగొస్తుంది. బాగా చూసుకున్న బాడీకి మూడేళ్ళకు సగం ధర వస్తుందనుకుందాం, అంటే 1,20,000 పోతుంది. 14 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ అయితే నెలకు 11,500 పైచిలుకు, మొత్తం వడ్డీ 36,500 దాకా అవుతుంది. ఇన్సూరెన్సుకు, సెన్సర్ క్లీనింగ్‌కు ఏడాదికి 6,000 వేసుకోండి. మూడేళ్ళకు మొత్తం 1,74,500, ఏడాదికి సుమారు 58,000.

ఇక అద్దె. ఖమ్మంలో ఉన్నవాళ్ళు పెళ్ళికి ముందురోజు సాయంత్రమే కెమెరా తెచ్చుకోవాలి, పెళ్ళయ్యాక మర్నాడు ఇవ్వాలి. అలా తీసుకుంటే చాలా షాపుల్లో రెండు రోజుల అద్దె కడతారు. 4,000 అద్దె, రానుపోను బస్సు, ఆటో కలిపి 800. ఒక్కో పెళ్ళికి 4,800 అన్నమాట. 58,000ని దాంతో భాగిస్తే 12. ఏడాదికి 12 పెళ్ళిళ్ళు దాటితే కొనడం లాభం, తగ్గితే అద్దె లాభం. అదే మీరు కోఠి పక్కనే ఉండి ఒక్కరోజు అద్దెతో సరిపెట్టుకోగలిగితే ఈ 12 కాస్తా 29 అయ్యేది.

కొనేముందు ఒకటి చెప్పండి. ఆ 14 పెళ్ళిళ్ళలో నిజంగా రెండో బాడీ అవసరమైనవెన్ని? ఇంకో ఫొటోగ్రాఫర్ కింద వెళ్ళినవి కూడా కలిపారా?

ఖమ్మం కెమెరా:
కలిపానండీ. ఐదింటికి వేరేవాళ్ళ కింద సెకండ్ షూటర్‌గా వెళ్తాను, అక్కడ నా పాత బాడీ సరిపోతుంది. అవి తీసేస్తే తొమ్మిది.

పాత లెన్స్:
అదే తేడా. తొమ్మిదికి లెక్కేస్తే కొన్న కెమెరా ఒక్కో పెళ్ళికి 6,450 పడుతుంది, అద్దెకయ్యేది 4,800. కొంటే ఏడాదికి 15,000 దాకా నష్టం. కొన్నాక ఆ ఐదింటికీ కొత్త బాడీయే పట్టుకెళ్తారు, దాంతో వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ అద్దెకు తెచ్చేవాళ్ళు కాని రోజున కొన్నదాన్ని వాడినా మీకు రూపాయి మిగలదు. భాగించాల్సింది అద్దె తప్పిన రోజులతోనే.

గోదావరి గట్టు:
ఈ లెక్కంతా అద్దెకు కెమెరా దొరుకుతుందన్న నమ్మకం మీద నడుస్తోంది. మంచి ముహూర్తం నాడు అందరికీ అదే రాత్రి పెళ్ళి. మా ఊళ్ళో ఒక షాపువాడు మాటిచ్చి, పొద్దున ఫోన్ చేసి వేరేవాళ్ళకు ఇచ్చేశానన్నాడు. చివరికి బాటరీ సగానికే దిగిపోయే బాడీ ఇచ్చాడు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి కెమెరా ఆగిపోతే మళ్ళీ పెట్టమని అడుగుతామా? తొమ్మిదైనా, ఐదైనా, రెండో బాడీ మన సొంతమై ఉండాల్సిందే.

పాత లెన్స్:
మీ మాట కొట్టిపారేయను. అందుకే పెళ్ళివాళ్ళు మనకు అడ్వాన్స్ ఇచ్చిన రోజే మనం షాపుకి అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకోవాలి. తీసుకునేటప్పుడు షాపులోనే బాడీ చుట్టూ, మౌంట్ లోపల, స్క్రీన్ మీద ఫోన్‌తో వీడియో తీసుకుంటే తర్వాత గీతల గొడవ ఉండదు. కానీ ముహూర్తాల గుంపు ఇంకోవైపు కూడా పనిచేస్తుంది. మూఢం వచ్చిందంటే వారాల తరబడి పెళ్ళిళ్ళుండవు, ఆషాఢంలోనూ అంతే. ఈఎంఐకి మూఢం లేదు. అద్దెకు తెచ్చుకునేవాడికి ఆ రోజుల్లో ఖర్చే లేదు.

విశాఖ తీరం:
ఆ ఖాళీ రోజుల గురించి నాదో మాట. సముద్రం పక్కన బ్యాగులో పెట్టి వదిలేస్తే లెన్సుకు ఫంగస్ పడుతుంది. కొంటే డ్రై క్యాబినెట్ కూడా కొనండి, తేమ 40, 50 శాతం మధ్య ఉంచండి. ఆ డబ్బూ లెక్కలో వేసుకోవాలి. ఖమ్మంలో ఇంత తేమ ఉండదనుకుంటా, వానాకాలంలో మాత్రం జాగ్రత్త.

నైట్ ఎడిటర్:
నేను పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియోలు ఎడిట్ చేస్తాను. లక్షన్నర ల్యాప్‌టాప్ కొనే బదులు నెల అద్దెకు తీసుకుంటే మేలేనా? ఇదే లెక్క నాకూ వర్తిస్తుందా?

పాత లెన్స్:
లెక్క అదే, ఫలితం తిరగబడుతుంది. నాలుగేళ్ళకు 40,000కి అమ్మారనుకోండి, పోయేది 1,10,000. ఏడాదికి 250 రోజులు కూర్చుంటే వెయ్యి రోజులు. రోజుకు 110 రూపాయలు. రోజూ వాడే వస్తువు ఆ రేటుకు అద్దెకు దొరకడం కష్టం. పైగా తిరిగిచ్చేటప్పుడు జనాల పెళ్ళి ఫొటోలన్నీ పూర్తిగా తుడిచేశామో లేదోనన్న బెంగ ఒకటి. మీరు కొనుక్కోండి.

కోదాడ కుర్రాడు:
మరి నో కాస్ట్ ఈఎంఐలో కొంటే? వడ్డీ పోతుంది కదా, అప్పుడు కెమెరాకి కూడా లెక్క మారుతుంది.

పాత లెన్స్:
కొంత మారుతుంది. కానీ ఒకేసారి కట్టేవాళ్ళకిచ్చే తగ్గింపు అందులో చాలాసార్లు రాదు. క్రెడిట్ కార్డు మీదైతే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన చేతినుంచే పోతాయి. ఒకవేళ వడ్డీ మొత్తం ఎగిరిపోయినా ఏడాదికి 46,000. తొమ్మిదితో భాగిస్తే 5,100, ఇంకా అద్దె కన్నా ఎక్కువే.

నన్నడిగితే మధ్య దారి సెకండ్ హ్యాండ్ బాడీ. అదే మోడల్ 1,30,000కి దొరికి, మూడేళ్ళ తర్వాత 80,000కి అమ్మగలిగితే పోయేది 50,000. రిపేర్లకు ఏడాదికి 8,000 వేసినా మూడేళ్ళకు 74,000. ఒక్కో పెళ్ళికి 2,750 లోపే. ఏడాదికి ఆరు పెళ్ళిళ్ళుంటే చాలు, అద్దె కన్నా ఇదే లాభం. మొదటి కొనుగోలుదారు పెద్ద దెబ్బ తినేశాడు కాబట్టే మనకు ఈ లాభం. గోదావరి గట్టు గారి భయానికీ ఇదే మందు.

కాకపోతే పెళ్ళి కెమెరాలను షట్టర్ కౌంట్ చూసి నమ్మకండి. వీడియోకు వాడిన గంటలు అందులో కనబడవు. ఎఫ్16 పెట్టి తెల్ల గోడను తీసి మరకలు చూడండి. తర్వాత లెన్స్‌కి మూత పెట్టి ఐఎస్ఓ పెంచి ఒక ఫొటో, కాసేపు వీడియో తీయండి. సంగీత్‌లో, రిసెప్షన్‌లో డీజే లేజర్ సెన్సర్‌కి తగిలితే రంగు చుక్కలో, నిలువు గీతలో, అడ్డగీతలో మిగిలిపోతాయి. అది తుడిస్తే పోదు, సెన్సర్ మార్చాలి, ఆ ఖర్చుకు బేరమంతా పోతుంది. హెచ్‌డీఎంఐ వైరు పెట్టి కొంచెం కదిలించి చూడండి, గింబల్ మీద ఎక్కువ తిరిగిన బాడీకి అది వదులవుతుంది.

గోదావరి గట్టు:
పాతది తీసుకోవడం ఒప్పుకుంటా. కానీ దాన్ని మెయిన్ కెమెరాగా పెట్టను, పాత బాడీ పాత బాడీయే.

ఖమ్మం కెమెరా:
హైదరాబాద్‌లో ఒకటి చూశానండీ, 1,25,000 అంటున్నాడు. లేజర్ మచ్చలు ఫోన్‌లో పంపిన ఫొటోల్లో కనబడలేదు. బిల్లు మాత్రం పోయిందంటున్నాడు. తీసుకోవచ్చా?

పాత లెన్స్:
ఫోన్‌లో పంపిన ఫొటోతో ఏమీ తేలదు, రా ఫైల్ తెప్పించుకోండి. బిల్లు లేకపోతే ఇన్సూరెన్స్ తీసుకోవడం కష్టం, రేపు అమ్మేటప్పుడు ధరా తగ్గుతుంది, కాబట్టి నా 80,000 లెక్క అక్కడ నిలవదు. దొంగసొత్తు కాదని కూడా రుజువుండదు. కొన్న షాపు నుంచి డూప్లికేట్ బిల్లు తెప్పించి, దాని మీది సీరియల్ నంబర్ బాడీ అడుగున ఉన్నదానితో కలిస్తేనే డబ్బివ్వండి.

కోదాడ కుర్రాడు:
మా వైపు బిల్లు లేకుండా ఎంతోమంది కొంటున్నారన్నా, ఎవరికీ ఏమీ కాలేదు. 20,000 తగ్గించమని అడిగి తీసేసుకో.

పాత లెన్స్:
నేనైతే తీసుకోను. మీ ఇష్టం.