ఏడో భావం సబ్ లార్డ్ ఒక చోట గురువు, మరో చోట శని: పెళ్లి యోగం ఏ లెక్కన చెప్పాలి?

మిర్యాలగూడ తండ్రి

మా అమ్మాయి 1997 జూన్ మూడో వారంలో, విశాఖ నక్షత్రంలో, సాయంత్రం 5.28కి మిర్యాలగూడలో పుట్టింది. వృశ్చిక లగ్నం. ఫోన్‌లోని ఒక యాప్ ఏడో భావం సబ్ లార్డ్ గురువు అంటున్నది, కేపీ సాఫ్ట్‌వేర్ శని అంటున్నది. గురువు లెక్కన చూసిన ఒకాయన "ఈ జాతకంలో పెళ్లి రాసి లేదు" అని చెప్పేశారు. నిరుడు చలికాలంలో ఖాయమైన సంబంధం ఒకటి తప్పిపోయింది కూడా. ఏది నమ్మాలి? పెళ్లి ఉంటే ఎప్పుడు?

పాలమూరు కేపీ విద్యార్థి

అన్నగారూ, ఆ యాప్‌లో అయనాంశ లాహిరిగా పెట్టి ఉంటుంది. కేపీ అయనాంశ దానికంటె దాదాపు 6 కళలు తక్కువ కాబట్టి భావ స్ఫుటాలు అంతమేరకు ముందుకు జరుగుతాయి. మీరు పంపిన రెండు చక్రాల్లో ఏడో భావం వృషభంలో ఒకచోట 15 డిగ్రీల 36 కళలు, మరోచోట 15 డిగ్రీల 42 కళలు ఉన్నది. రోహిణిలో గురు భాగం 15 డిగ్రీల 40 కళల దగ్గర ముగిసి శని భాగం మొదలవుతుంది. తేడా అంతా ఇక్కడే ఉన్నది. మనం కేపీ చూస్తున్నప్పుడు కేపీ అయనాంశనే తీసుకోవాలి కాబట్టి శని అని ఖాయం చేసుకోండి.

ఇంకొక మాట. గురువే అనుకున్నా భయపడవలసిన పని లేదు. గురువు ధనిష్ఠలో, అంటే కుజుడి నక్షత్రంలో ఉన్నాడు. కుజుడు కన్యలో ఉన్నాడు. వృశ్చికానికి కన్య లాభ స్థానం కాబట్టి గురువు పదకొండునే సూచిస్తాడు, పెళ్లికి అది మంచిదే.

దేవరకొండ సిద్ధాంతి

అయనాంశ గురించి ఈ తమ్ముడు చెప్పింది నిజం. తరువాత చెప్పిన రెండు మాటలను ఒప్పుకోలేను.

మొదటిది కుజుడి సంగతి. కేపీలో గ్రహం ఏ రాశిలో ఉన్నదని కాక, ఏ భావ స్ఫుటం దాటి ఏ స్ఫుటానికి ముందు ఉన్నదని చూడాలి. ఈ చక్రంలో పదో భావం సింహంలో సుమారు 20 డిగ్రీల దగ్గర మొదలవుతున్నది, పదకొండోది కన్యలో 21 డిగ్రీలు దాటాక మొదలవుతున్నది. కుజుడు కన్యలో 5 డిగ్రీల దగ్గర ఉన్నాడు కాబట్టి రాశి లెక్కన పదకొండులో కనిపించినా, భావం లెక్కన పదిలోనే ఉన్నాడు. పైగా ఒకటికీ ఆరుకూ ఆయనే అధిపతి. కుజ నక్షత్రంలో ఉన్న గురువు ముందుగా ఇచ్చే ఫలం పది, ఒకటి, ఆరు. పెళ్లికి చూసేవి రెండు, ఏడు, పదకొండు కాగా, వాటికి వ్యయ స్థానాలు ఈ మూడే. రెండో భావానికి గురువు సొంతంగా అధిపతి కాబట్టి కొంత ఊరట ఉన్నది కానీ, అది నాలుగో మెట్టు బలం మాత్రమే. అందుచేత గురువే సబ్ లార్డ్ అయితే "లేదు" అన్న ఆయన మాట మరీ గాలిలో చెప్పినది కాదు.

శని అయితే కథ పూర్తిగా మారిపోతుంది. శని రేవతిలో, బుధ నక్షత్రంలో ఉన్నాడు. బుధుడు ఏడో భావంలో కూర్చుని పదకొండుకు అధిపతిగా ఉన్నాడు. ఎనిమిది కూడా ఆయనదే కాబట్టి ఆలస్యం, మాటలు ఆగి మళ్లీ మొదలుకావడం వంటివి ఉంటాయి, అయినా ఏడు, పదకొండు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు పెళ్లి ఉన్నదనే చెప్పాలి.

రెండోది, "ఖాయం చేసుకోండి" అన్న మాట. కేపీ అయనాంశతో వచ్చిన 15 డిగ్రీల 42 కళలు హద్దుకు రెండు కళల దూరంలోనే ఉన్నది. వృశ్చిక లగ్నంలో ఒక డిగ్రీ కదలడానికి మన ప్రాంతంలో నాలుగున్నర నిమిషాల లోపు పడుతుంది, కాబట్టి రెండు కళలంటే పది సెకన్లు కూడా కాదు. 5.28 అని రాసిన గడియారం సరిగ్గా నడిచిందా, బిడ్డ బయటపడిన క్షణమా, ఏడ్చిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా అన్నది ఎవరు చెప్పగలరు? సరైన అయనాంశ పెట్టినంత మాత్రాన పుట్టిన సమయంలోని సందేహం తీరదు.

సూర్యాపేట పంతులు

రెండు, మూడు తరాలుగా మా ఇంట్లో చూస్తున్న పద్ధతి వేరు. సప్తమాధిపతి శుక్రుడు అష్టమంలో ఉన్నాడు, అందుకే ఆలస్యం. కుజదోషం ఉన్నదో లేదో చూసి, తగిన శాంతి చేయించి, రానున్న మాఘంలో ముహూర్తం పెట్టుకోవచ్చు. తిథులు కావాలంటే రాసిస్తాను.

దేవరకొండ సిద్ధాంతి

పంతులుగారూ, ముహూర్తం సంబంధం కుదిరాక వచ్చే మాట. వారు అడుగుతున్నది అంతకు ముందుది.

వనపర్తి అమ్మ

మా పెద్దబ్బాయికి ఏడో భావం సబ్ లార్డ్ ఆరును సూచిస్తున్నాడని, పెళ్లి కాదని ఇలాగే చెప్పారు. అయినా పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు. అందుకే "లేదు" అన్న మాట ఎవరన్నా నాకు నమ్మకం కుదరదు. ఆ తండ్రి మనసు ఎంత నలిగి ఉంటుందో నాకు తెలుసు.

దేవరకొండ సిద్ధాంతి

అమ్మా, మీ అబ్బాయి చక్రంలో ఆ సబ్ లార్డ్ ఆరుతో పాటు రెండో, ఏడో, పదకొండో సూచించి ఉండాలి. అప్పుడు పెళ్లి అవుతుంది, ఆరు తన వంతుగా చికాకులు, ఉద్యోగరీత్యా వేరుగా ఉండటం వంటివి కలుపుతుంది. ఆరు కనబడగానే నిషేధమని చెప్పడం చాలామంది చేసే తొందర. ఆ మూడింటిలో ఒక్కదాన్నీ పట్టకుండా ఒకటి, ఆరు, పది మాత్రమే వచ్చినప్పుడే నేను "లేదు" అంటాను.

పాలమూరు కేపీ విద్యార్థి

కుజుడి భావం గురించి మీరు చెప్పింది ఇప్పుడు చక్రం తెరిచి చూశాను, పదిలోనే ఉన్నాడు. అయితే తప్పిపోయిన సంబంధం మాటేమిటి? అది 2024 అక్టోబరుకూ 2025 ఫిబ్రవరికీ మధ్య, శని దశ, రాహు భుక్తి, గురు అంతరంలో జరిగింది. గురువే విడగొట్టాడంటే సబ్ లార్డ్ గురువేనని రుజువైనట్టు కాదా?

దేవరకొండ సిద్ధాంతి

కాదు. అంతర నాథుడిగా గురువు తన నక్షత్రాన్ని బట్టి పది, ఒకటి, ఆరు ఫలాన్ని ఇచ్చాడు. ఏడో భావ స్ఫుటం గురు భాగంలో పడినా శని భాగంలో పడినా ఆ నాలుగు నెలలు అలాగే గడిచేవి. రెండు ఊహలకూ సమానంగా సరిపోయే సంఘటన ఆ రెండింటిలో ఏది నిజమో తేల్చలేదు. లగ్నాన్ని పట్టుకుని సరిచేద్దామన్నా కుదరదు, ఎందుకంటే లగ్నం అనూరాధలో గురు భాగంలో ఉన్నది, ఆ భాగం 16 డిగ్రీల 40 కళల దాకా సాగుతుంది. ఆరు కళలు అటూ ఇటూ అయినా లగ్నపు సబ్ లార్డ్ మారడు.

అందుకే నేను పాలక గ్రహాలను చూశాను. ఈ చక్రం తెరిచిన సమయం శుక్రవారం, చంద్రుడు కర్కాటకంలో పుష్యమిలో ఉన్నాడు, ఉదయిస్తున్నది కన్య లగ్నం, హస్త నక్షత్రం. అంటే శుక్రుడు, శని, చంద్రుడు, బుధుడు. శని ఉన్నాడు, గురువు లేడు. పైగా శనికి నక్షత్రాధిపతి అయిన బుధుడు కూడా వచ్చాడు. నా నిర్ణయం శని వైపే.

నల్లగొండ గణితం సారు

ఇక్కడే నాకు అభ్యంతరం ఉన్నది. అదే రోజు ఇంకో రెండు మూడు గంటలు ఆగి, తులలో విశాఖ ఉదయిస్తున్నప్పుడు చూసి ఉంటే పాలక గ్రహాల్లో గురువు కూడా వచ్చేవాడు. అప్పుడు మీరు ఏమనేవారు? చూసేవారు కూర్చున్న గంటను బట్టి ఒక అమ్మాయి పుట్టిన క్షణం మారుతుందా? నేను పద్ధతిని ఎగతాళి చేయడం లేదు, ఇరవై ఏడు నక్షత్రాల భాగాల లెక్క చాలా చక్కగా కట్టినది. ఆ లెక్క ఎంత సూక్ష్మమో, దానికి అందించే పుట్టిన సమయం అంత స్థూలంగా ఉన్నది. అదే నా బాధ.

దేవరకొండ సిద్ధాంతి

అప్పుడు కూడా వారాధిపతి, చంద్ర నక్షత్రాధిపతి మారరు, శని పోడు. గురువు కూడా చేరితే నేను తేల్చకుండా ఆగేవాడిని. ఏ క్షణంలో చూడాలనిపించిందో ఆ క్షణానికే అర్థం ఉన్నదన్నది ఈ పద్ధతికి పునాది. దాన్ని గణితంతో నిరూపించలేను, ఒప్పుకోని వారితో వాదించను.

నల్లగొండ గణితం సారు

అయితే 249లో ఒక సంఖ్య చెప్పించి ప్రశ్న చక్రం వేయండి. కాకపోతే అందులోనూ ఒకటి గమనించాలి. సంఖ్యతో లగ్నం నిర్ణయమైపోతుంది, ఏడో భావం దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అంటే ఒకటి అని చెప్పిన ప్రతివారికీ లగ్నం మేషం మొదట్లో, ఏడో భావం తుల మొదట్లో, సబ్ లార్డ్ బుధుడే. ఎన్నేళ్ల తరువాత అడిగినా అదే.

దేవరకొండ సిద్ధాంతి

సబ్ లార్డ్ అదే, ఫలం అదే కాదు. అడిగిన వేళకు ఆ బుధుడు ఏ నక్షత్రంలో, ఏ భావంలో ఉన్నాడన్నదే జవాబు. మీ సలహా మాత్రం మంచిది. తండ్రిగారు ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఈ ఒక్క విషయాన్నే మనసులో పెట్టుకుని, ఒకే ఒక్కసారి సంఖ్య చెప్పాలి. నచ్చలేదని మరో సంఖ్య అడగకూడదు.

ఇక "ఎప్పుడు" అన్న ప్రశ్న. శని సబ్ లార్డ్ అన్న నిర్ణయం నిలబడితేనే ఈ మాటలకు విలువ. ఇప్పుడు నడుస్తున్న శని దశ ఏడు, పదకొండుకు అనుకూలం. రాహువు పదో భావంలో ఉన్నా, సూర్యుడి నక్షత్రం ఉత్తరలో ఉన్నాడు, ఆ సూర్యుడు ఏడో భావంలో ఉన్నాడు. అందుకే రాహు భుక్తి సంబంధాలను తెస్తుంది, పది వల్ల ఉద్యోగం పేరుతో అడ్డం కూడా పెడుతుంది. ఈ భుక్తి 2027 ఫిబ్రవరి వరకే. ఇందులో నేను పట్టుకునేది శుక్ర అంతరం, 2026 మార్చి నుంచి ఆగస్టు వరకు. శుక్రుడు ఏడుకు అధిపతి, ఆయన ఉన్న పునర్వసుకు నాథుడైన గురువు రెండుకు అధిపతి.

పాలమూరు కేపీ విద్యార్థి

దాని తరువాతి సూర్య అంతరం ఇంకా మంచిది కదా? సూర్యుడు ఏడులోనే ఉన్నాడు.

దేవరకొండ సిద్ధాంతి

ఉన్నాడు, అయితే మృగశిరలో, మళ్లీ ఆ కుజుడి నక్షత్రంలోనే. ఏడు రెండో మెట్టుకు పోయి పది, ఒకటి, ఆరు ముందుకు వస్తాయి. మాటలు జరుగుతాయి గాని దాని మీద ఆధారపడను. 2027 ఫిబ్రవరి తరువాత వచ్చే గురు భుక్తి రెండున్నర ఏళ్లు ఇదే లక్షణంతో నడుస్తుంది కాబట్టి, శుక్ర అంతరంలో వచ్చిన సంబంధాన్ని చిన్న కారణాలతో వదులుకోవద్దని తండ్రిగారికి నా మనవి.

మిర్యాలగూడ తండ్రి

సిద్ధాంతిగారూ, ధన్యవాదాలు. సంఖ్య 112. అమ్మాయిని అడగలేదు, నేనే అనుకున్నాను. అది పనికొస్తుందా, లేక తనే చెప్పాలా?

దేవరకొండ సిద్ధాంతి

తండ్రి తన బిడ్డ కోసం అడిగితే అడిగినవారి లగ్నం నుంచి ఐదో భావాన్ని ఆమె లగ్నంగా తిప్పుకుని, అక్కడి నుంచి ఏడు, అంటే పదకొండో భావం చూసేవారు ఉన్నారు. తిప్పకుండా నేరుగా ఏడో భావం చూసేవారూ ఉన్నారు. నేను తిప్పి చూస్తాను. అమ్మాయికి ఇష్టమైతే తననే చెప్పమనండి, అప్పుడు ఈ తగాదా ఉండదు. మీ సంఖ్యను అంతవరకు పక్కన పెడుతున్నాను.

నల్లగొండ గణితం సారు

తిప్పితే ఒక జవాబు, తిప్పకపోతే మరొకటి వచ్చినప్పుడు ఏది తీసుకుంటారో ఆమె సంఖ్య చెప్పకముందే ఇక్కడ రాసి పెట్టండి. శుక్ర అంతరం తేదీలు కూడా అలాగే ఉండనివ్వండి. ఆగస్టు తరువాత వచ్చి చదువుతాను.